ఫిబ్రవరి 15, బుధవారం: ఫైనల్ ప్రూఫ్‌లో దొరకని తప్పు

ప్రశ్న: మా పాప బి.ఏ. తెలుగు ముగించి అనంతపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫులు చూస్తోంది. మొన్న గుడివాళ్ల శివరాత్రి పుస్తకంలో వారం తప్పు పడింది, అన్ని కాపీలకూ స్టిక్కర్లు అంటించారు. రెండుసార్లు చదివానని ఏడుస్తోంది. ఇది మాన్పించి బెంగళూరులో డేటా అనలిటిక్స్ కోర్సులో చేర్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, ధర్మవరం)

జవాబు: పాప రెండుసార్లు చదివానంటే నమ్మండి. ఆ తప్పు చదివితే దొరికే రకం కాదు. గుడి పుస్తకాలు చాలావరకు ఏటా కొత్తగా టైపు చేయరు, పోయినేడు ఫైలు తెరిచి తేదీలు మారుస్తారు. 2025లో మహాశివరాత్రి ఫిబ్రవరి 26, బుధవారం. 2026లో ఫిబ్రవరి 15, ఆదివారం. ఆపరేటరు 26ను 15 చేసి, సంవత్సరం మార్చి, పక్కనున్న వారాన్ని మరిచిపోతే ‘ఫిబ్రవరి 15, బుధవారం’ అని మిగిలిపోతుంది. అందులో అక్షరదోషం లేదు, వాక్యమూ సరిగ్గానే ఉంది. కన్ను దాని మీద ఆగదు. క్యాలెండరు పక్కన పెట్టుకుని ఒక్కో తేదీకి ఎదురుగా వారం చూసుకుంటే తప్ప బయటపడదు. ఈ పని చేయాలని పాపకు ఎవరూ చెప్పి ఉండరు. అలాంటప్పుడు ఏడుస్తున్న బిడ్డ ముందు ఉద్యోగం మాన్పించే మాట ఎత్తడం సరికాదు, మీరు తొందరపడ్డారు.

ఫైనల్ ప్రూఫ్‌కు వచ్చేసరికి భాష దిద్దడం అయిపోయి ఉండాలి. ఇక మిగిలిన పనులు ఒక్కో విడతకు ఒక్కటే చేయాలి. అంకెలు చూసేటప్పుడు అంకెలే, పేర్లు చూసేటప్పుడు పేర్లే. చూసే కాగితం కూడా అచ్చు ప్లేటుకు వెళ్లబోయే పీడీఎఫ్ నుంచే ప్రింటు తీసినదై ఉండాలి. పాత ప్రింటు మీద ఎంత జాగ్రత్తగా దిద్దినా లాభం లేదు.

మొదటి విడతలో వెనక నుంచి చదవాలి. చివరి పేజీలో చివరి మాటతో మొదలుపెట్టి ఒక్కొక్క మాటే వెనక్కి వస్తారు. కింద స్కేలు పెట్టుకుంటే వరుస తప్పదు. ముందు నుంచి చదివితే రాబోయే మాటను మనసు ముందే ఊహిస్తుంది, అక్కడ లేని ఒత్తును కూడా చూసినట్టే అనుకుంటుంది. వెనక నుంచి వస్తే ఊహకు ఆధారం ఉండదు కాబట్టి ‘ప్రధానోపాద్యాయులు’లో ధకు ఒత్తు లేదని, ‘ఆహ్వానం’ కాస్తా ‘అహ్వానం’ అయిందని తెలిసిపోతుంది. ‘అను’ అనే పాత తెలుగు ఫాంటులో ఉన్నదాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు చెదిరిన ఒత్తులూ ఇలాగే దొరుకుతాయి. అయితే దీనికి హద్దు ఉంది. ‘వరుడు’ ఉండాల్సిన చోట ‘వధువు’ ఉంటే వెనక నుంచి పట్టుకోలేం, రెండూ మంచి మాటలే కదా. అందుకే తర్వాత ఒకసారి ముందు నుంచి, వాక్యం వాక్యంగా, పైకి చదవాలి. పాప చేసింది ఈ ఒక్క విడతే అయి ఉంటుంది.

అంకెలకు ఎక్కువ సమయం ఇవ్వాలి. దాతల పట్టికనే తీసుకుందాం. గుడివాళ్లు రాసిచ్చిన కాగితంలో అయిదు మొత్తాలు ఉన్నాయి: 25,116, 10,116, 5,116, 5,116, 1,116. కింద మొత్తం 46,580. ప్రూఫ్‌లోనూ కింద 46,580 అనే ఉంది. చాలామంది అది చూసి టిక్కు పెట్టేస్తారు. పైనున్న అంకెలను పాప స్వయంగా కూడాలి. కూడితే 47,480 వచ్చిందనుకోండి. తేడా 900. ఆ తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే, పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారయ్యాయేమోనని మొదట అనుమానించాలి. వెతికితే 10,116 అన్నది 11,016 అయి కనిపిస్తుంది. ఇది ఆచూకీ మాత్రమే, వేరే తప్పుల వల్ల కూడా అలాంటి తేడా రావచ్చు. ఒకచోట 100 పెరిగి ఇంకోచోట 100 తగ్గితే కూడిక సరిపోతుంది కానీ పట్టిక తప్పే. కాబట్టి కూడిక అయ్యాక కూడా ప్రతి మొత్తాన్నీ రాతప్రతితో పోల్చాలి. ‘పదివేల నూటపదహారు’ అని చదవకూడదు, ‘ఒకటి, సున్నా, కామా, ఒకటి, ఒకటి, ఆరు’ అని విడివిడిగా పలకాలి. ఫోన్ నంబర్లలో పది అంకెలు ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి.

పేర్ల విషయంలో పాప చదివిన తెలుగు కొంచెం అడ్డం రావచ్చు. మద్దిలేటి అని ఒకరు, మద్దులేటి అని ఒకరు రాసుకుంటారు. ఇనిషియల్ ఒకరికి ‘ఎస్.’, ఇంకొకరికి ‘యస్.’. ఎవరు ఎలా రాసుకుంటే వారికి అదే ఒప్పు, వ్యాకరణం చూసి దిద్దకూడదు. ఒక తెల్లకాగితం మీద పుస్తకంలోని పేర్లన్నీ పేజీ నంబర్లతో రాసుకుంటే, అట్ట మీద ఒకలా, ఫొటో కింద ఇంకోలా ఉన్న పేరు అక్కడే బయటపడుతుంది. ఊరి పేర్లకు జిల్లా కూడా చూడాలి. మీ ధర్మవరం 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పాత ఫైలులో మాత్రం ఇంకా అనంతపురం జిల్లాలోనే ఉండిపోతుంది.

పేజీ విరుపులు అన్నిటికంటే చివర చూడాలి, ఎందుకంటే అంతకుముందు చేసిన ప్రతి దిద్దుబాటూ వాటిని కదిలించగలదు. ఆరో పేజీలో ఒక పేరు కలిపితే ఒక వరుస కిందికి జరుగుతుంది. దాంతో ఆరో పేజీ చివర ఉన్న శీర్షిక కింది వరుసలు ఏడో పేజీకి జరిగిపోయి, శీర్షిక ఆరో పేజీ అడుగున ఒంటరిగా మిగిలిపోవచ్చు, లేదా దాతల పట్టిక రెండుగా విరిగి రెండో ముక్కకు తలవరుస లేకుండా పోవచ్చు. ప్రతి పేజీ చివరి మాటనూ తర్వాతి పేజీ మొదటి మాటనూ కలిపి చదివితే, మధ్యలో వరుస పోయిందో, రెండుసార్లు పడిందో తెలుస్తుంది. విషయసూచికలోని పేజీ నంబర్లు అప్పుడే సరిచూడాలి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే మొత్తం పేజీలు నాలుగుతో భాగింపబడాలి, 34 వస్తే రెండు తగ్గించాలి లేదా రెండు పెంచాలి.

ఇక మీరు అడిగిన కోర్సు సంగతి. డేటా అనలిటిక్స్ చెడ్డ దారి కాదు. కానీ మూడు నెలల్లో ఉద్యోగం అని బోర్డు పెట్టి ఫీజు కట్టించుకునే చోట నాకు చాలా అనుమానాలున్నాయి. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, కాస్త గణాంకశాస్త్రం చేతికి రాకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఇంటర్వ్యూలో నిలబడదు. ఆ పనిలోనూ ఎక్కువ సమయం గజిబిజి పట్టికలు శుభ్రం చేయడానికే పోతుంది. ఒకే మనిషి పేరు రెండు రకాలుగా పడిందని, కూడిక ఎక్కడో తేలడం లేదని కనిపెట్టాలి. ఇక్కడ ఓర్పు కుదరని పిల్లకు అక్కడ కుదురుతుందని ఏ ఇన్‌స్టిట్యూటూ హామీ ఇవ్వలేదు. ఇక్కడ కుదిరిన పిల్లకు అక్కడా పనికొస్తుంది. పాపకు నిజంగా ఇష్టముంటే ముందు ఇంట్లో ఎక్సెల్ నేర్చుకోనివ్వండి, ఫీజు తర్వాత. అయితే చిన్న ఊళ్లలో ఒక్క ప్రెస్ మీద వచ్చే జీతం తక్కువే. పుస్తకాలకు పేజీ లెక్కన ఇంటి దగ్గర చూసే పని కూడా ఉంటుంది, నాలుగైదు చోట్ల పరిచయమైతే అది తోడవుతుంది. పోలిక ఇంతకంటే సాగదీయను, ఎందుకంటే మీ భయం జీతం గురించి కంటే ఆ స్టిక్కర్ల గురించే ఎక్కువని మీ ఉత్తరం చెబుతోంది.

దానికి మీరే సాయం చేయొచ్చు. అంకెలు, పేర్లు సరిచూసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు ప్రూఫ్ పైకి చదువుతారు, ఇంకొకరు రాతప్రతి పట్టుకుని వింటారు. ప్రెస్‌లో రెండో మనిషిని ఇవ్వకపోతే పాపను ఓనరు దగ్గర అనుమతి తీసుకుని ప్రూఫ్ ఇంటికి తెమ్మనండి. రాత్రి భోజనాలయ్యాక ఆమె చదువుతుంటే మీరు కాగితం మీద వేలు పెట్టి వినండి. తేదీ వచ్చినప్పుడల్లా గోడమీది క్యాలెండరు చూసి వారం మీరు చెప్పండి.