హీటర్ గ్రాఫ్ నుంచి తీసిన గుప్తోష్ణం ఎందుకు ఎక్కువగా వస్తోంది?

ప్రశ్న: ఒకే పవర్ ఇచ్చే హీటర్‌తో ఘనపదార్థాన్ని వేడి చేసి ఉష్ణోగ్రత-కాలం గ్రాఫ్ గీశాను. పుస్తకంలో లెక్కలు బాగానే చేస్తాను, కానీ ల్యాబ్‌లో గుప్తోష్ణం రావాల్సిన దానికంటే నాలుగో వంతు ఎక్కువ వస్తోంది. అడ్డంగా ఉండాల్సిన గీత కూడా కొంచెం ఏటవాలుగా ఉంది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు:

మీ లెక్కలో తప్పు లేదు, లెక్కలో పెట్టిన పవర్‌లో ఉంది. కరుగుతున్నంతసేపూ హీటర్ ఇచ్చినదంతా పదార్థంలోకే వెళ్తోందని అనుకుంటున్నారు. అందులో కొంత గదిలోకి పోతుంది. ఎంత పోయిందో మీరు గీసిన గ్రాఫే చెబుతుంది, అది చదవడం నాకు మూడుసార్లు ప్రయోగం చేశాక గానీ రాలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నష్టం ఏమీ లేని పుస్తకం లెక్క చూద్దాం. 0.5 కిలోల ఘనపదార్థం, 50 వాట్ల హీటర్. 1000 సెకన్లలో 20 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు వచ్చింది, తర్వాత 2000 సెకన్ల పాటు 70 దగ్గరే ఆగింది, ఆ తర్వాత 500 సెకన్లలో 90కి చేరింది. ఆగిన చోటు 70, అదే ద్రవీభవన స్థానం, దానికి లెక్కే అక్కర్లేదు. మొదటి భాగంలో Pt = mcΔT, అంటే 50 × 1000 = 0.5 × c × 50, కాబట్టి ఘనరూపంలో విశిష్టోష్ణం 2000 J/kg°C. అడ్డగీతలో Pt = mL, అంటే 50 × 2000 = 0.5 × L, కాబట్టి గుప్తోష్ణం 2,00,000 J/kg. చివరి భాగంలో మొదటి సూత్రమే వాడితే ద్రవానికి 2500 J/kg°C వస్తుంది. ఇక్కడ చాలామంది తడబడేది ఒకటుంది, గీత నిటారుగా ఉంటే విశిష్టోష్ణం ఎక్కువ అనుకుంటారు. నిజం దానికి తిరగేసి ఉంటుంది. గీత వాలు P/(mc), కాబట్టి త్వరగా వేడెక్కేదానికే విశిష్టోష్ణం తక్కువ. పై లెక్కలో ఘనానికి వాలు సెకనుకు 0.05 డిగ్రీలు, ద్రవానికి 0.04, ద్రవానికే విశిష్టోష్ణం ఎక్కువ.

ఇప్పుడు ఇదే గ్రాఫ్‌ని ఇంకోలా చూడండి. ఘనం కరగకుండా అదే వాలుతో ఇంకో 2000 సెకన్లు వేడెక్కి ఉంటే ఎంత పెరిగేది? 0.05 × 2000 = 100 డిగ్రీలు. దాన్ని విశిష్టోష్ణం 2000తో గుణిస్తే మళ్లీ 2,00,000 వచ్చింది. అంటే గుప్తోష్ణం = విశిష్టోష్ణం × కరగడానికి ముందు వాలు × ఆగిన సమయం. ఇందులో పవర్ లేదు, ద్రవ్యరాశీ లేదు. పుస్తకం లెక్కలో ఇది ఊరికే తిప్పి రాసినట్టు కనిపిస్తుంది గానీ ల్యాబ్‌లో మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

డిగ్రీలో ఉన్నప్పుడు నేను స్టియరిక్ ఆమ్లంతో చేశాను. అది 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గుప్తోష్ణం కిలోకు సుమారు 200 కిలోజౌళ్లు. 200 గ్రాముల పదార్థం, 100 గ్రాముల రాగి కెలోరీమీటర్, 10 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకునే హీటర్, అంటే 20 వాట్లు, నిమిషానికి 1200 జౌళ్లు. అడ్డగీత 43 నిమిషాలు వచ్చింది. 1200ని 43తో గుణించి 0.2తో భాగిస్తే కిలోకు 258 కిలోజౌళ్లు. మీకొచ్చినట్టే, దాదాపు నాలుగో వంతు ఎక్కువ. తూకం మళ్లీ చూశాను, వోల్ట్‌మీటర్ మార్చాను, రెండోసారి కూడా అంతే వచ్చేసరికి బాగా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే ఒకే తప్పు రెండుసార్లు ఒకేలా వచ్చిందంటే అది చేతి పొరపాటు కాదు.

ఏం జరుగుతోందంటే, పాత్ర గది కంటే ఎంత వేడిగా ఉంటే అంత ఉష్ణం బయటికి పోతుంది. గది 25 డిగ్రీలు ఉంటే, పదార్థం 25 దగ్గర ఉన్నప్పుడు నష్టం సున్నా, 69 దగ్గర ఉన్నప్పుడు చాలా ఎక్కువ. అడ్డగీత పొడవునా ఉష్ణోగ్రత మారదు కాబట్టి నష్టం కూడా మారదు, 43 నిమిషాలూ ఒకే రేటుతో పోతూనే ఉంటుంది. అందుకే గీత చక్కగా అడ్డంగా వచ్చినా అది నష్టం లేదని చెప్పడం లేదు, కరగడానికి పట్టిన సమయం మాత్రం పెరిగిపోతుంది. ఇది నాకు ఆ రోజు తట్టలేదు, గీత బాగుంది కదా, నష్టం తక్కువే అనుకున్నాను.

సరిచేయడానికి గ్రాఫ్‌లో రెండు వాలులు తీయాలి. ఒకటి పదార్థం సరిగ్గా గది ఉష్ణోగ్రత దాటుతున్నప్పుడు, రెండోది కరగడానికి ముందు. మొదటిది బాగా రావాలంటే పాత్రను గది కంటే ఓ పది డిగ్రీలు చల్లగా మొదలుపెట్టండి, హీటర్ తానే వేడెక్కే మొదటి ఒకటి రెండు నిమిషాల వంపు అప్పటికి దాటిపోతుంది. నాకు 25 దగ్గర వాలు నిమిషానికి 2.7 డిగ్రీలు వచ్చింది. అక్కడ నష్టం లేదు కాబట్టి 1200 ÷ 2.7 = 444, అంటే పదార్థం, పాత్ర కలిపి ఒక డిగ్రీ పెరగడానికి 444 జౌళ్లు కావాలి. రాగి విశిష్టోష్ణం సుమారు 390 J/kg°C కాబట్టి 100 గ్రాముల పాత్ర వాటా 39 జౌళ్లు. అది తీసేస్తే 405, దాన్ని 0.2తో భాగిస్తే స్టియరిక్ ఆమ్లానికి విశిష్టోష్ణం దాదాపు 2000 J/kg°C.

రెండో వాలు 69 దగ్గర నిమిషానికి 2.1 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రత దగ్గర నిజంగా లోపలికి వెళ్తున్నది 444 × 2.1, నిమిషానికి సుమారు 932 జౌళ్లు, అంటే 15.5 వాట్లు. మిగతా 4.5 వాట్లు గదిలోకి పోతున్నాయి. ఇప్పుడు 932ని 43తో గుణించి 0.2తో భాగిస్తే కిలోకు 200 కిలోజౌళ్లు వచ్చింది. ఇక్కడ 444నే వాడాలి, పాత్ర తీసేసిన 405 కాదు, ఎందుకంటే ఆ 2.1 వాలులో పదార్థంతో పాటు పాత్ర కూడా వేడెక్కుతోంది. నేను ఒకసారి 405 పెట్టి విలువ తగ్గించేసుకున్నాను, మీరు అది చేయకండి.

రెండో వాలు ఎక్కడ తీయాలనేది జాగ్రత్తగా చూడాలి. 69కి మరీ దగ్గరగా తీస్తే అప్పటికే హీటర్ పక్కన ఉన్న భాగం కరగడం మొదలై ఉంటుంది, వాలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది, అప్పుడు గుప్తోష్ణం కూడా తగ్గిపోతుంది. నేను 50, 55, 60 డిగ్రీల దగ్గర వాలులు తీసి, అవి ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఎలా తగ్గుతున్నాయో చిన్న గ్రాఫ్ గీసి, ఆ గీతను 69 దాకా పొడిగించాను. 62 దగ్గరి వాలు 2.2ని అలాగే వాడేసి ఉంటే 210 వచ్చేది. 2.2కి 2.1కి తేడా చిన్నదే అయినా జవాబులో 5 శాతం.

నష్టాన్ని వేరే దారిలో సరిచూసుకోవాలంటే ఘనం 60 డిగ్రీలకు రాగానే హీటర్ ఆపేసి, కాసేపయ్యాక ఎంత వేగంగా చల్లబడుతోందో రాసుకోండి. ఒకే ఉష్ణోగ్రత దగ్గర వేడెక్కే వాలుకు చల్లబడే వాలు కలిపితే నష్టం లేనప్పటి వాలు రావాలి. నాకు 60 దగ్గర వేడెక్కేటప్పుడు 2.25, చల్లబడేటప్పుడు 0.45 వచ్చాయి, కలిపితే 2.7. ఆ అంకె చూశాకే నాకు నా సవరణ మీద నమ్మకం కుదిరింది.

ఇక మీ ఏటవాలు గీత సంగతి. దీనికి సాధారణంగా రెండు కారణాలు, వాటిని విడదీయడం సులువే. మొదటిది థర్మామీటర్ హీటర్‌కు దగ్గరగా ఉండటం. కరిగిన ద్రవం హీటర్ చుట్టూ చేరి 69 దాటి వేడెక్కుతుంది, అవతల అంచున ఇంకా గడ్డ ఉంటుంది, మీ థర్మామీటర్ ఆ వేడి ద్రవాన్ని చూపిస్తుంది. పొడిగా పోసి మొదలుపెడితే ఇంకా ఘోరం, గింజల మధ్య గాలి ఉంటుంది కాబట్టి వేడి సరిగా పాకదు. నా మొదటి ప్రయోగం ఇలాగే పాడైంది. తర్వాతిసారి పదార్థాన్ని ముందే కరిగించి, హీటర్, థర్మామీటర్ రెండూ అందులో ఉండగానే గడ్డకట్టనిచ్చి, అప్పుడు మొదలుపెట్టాను, కలపడానికి వీలైనప్పటి నుంచీ ఆపకుండా కలిపాను. గీత చదునైంది.

రెండో కారణం పదార్థం శుద్ధంగా లేకపోవడం. మామూలుగా దొరికే స్టియరిక్ ఆమ్లంలో పామిటిక్ ఆమ్లం కలిసి ఉంటుంది, అప్పుడు కరగడం 69 కంటే కిందనే మొదలై కొన్ని డిగ్రీల మేర సాగుతుంది. మైనం కూడా మిశ్రమమే కాబట్టి దాని నుంచి చదునైన గీత ఆశించవద్దు. ఏ కారణమో తెలుసుకోవాలంటే హీటర్ ఆపేసి, కలుపుతూ గడ్డకట్టనిచ్చి చూడండి. చల్లబడేటప్పుడు గీత చాలాసేపు చదునుగా ఉంటే తప్పు హీటర్ దగ్గర, అప్పుడు కూడా మొదటి నుంచీ వాలుగానే ఉంటే పదార్థంలోనే కల్తీ ఉంది.

అడ్డగీత మొదలు, చివర మూలలు గుండ్రంగా వస్తాయి, సమయం ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కపెట్టాలో తెలియదు. అక్కడ కంటితో ఊహించకండి. స్కేలు పెట్టి ముందు గీతను, అడ్డగీతను, తర్వాతి గీతను పొడిగించి, అవి ఖండించుకునే రెండు బిందువుల మధ్య సమయం తీసుకోండి.

ఒకవేళ తర్వాత మంచుతో చేస్తే ఇదంతా తలకిందులవుతుంది. పాత్ర గది కంటే చల్లగా ఉంటుంది కాబట్టి బయటి నుంచి ఉష్ణం లోపలికి వస్తుంది, అడ్డగీత కుదించుకుపోతుంది, గుప్తోష్ణం కిలోకు 334 కిలోజౌళ్ల కంటే తక్కువ వస్తుంది. అక్కడ సున్నాకు కింద తీసిన వాలు హీటర్ పవర్ ఒక్కదానితో రావాల్సిన దానికంటే ఎక్కువ నిటారుగా ఉంటుంది, సవరణ సూత్రం మాత్రం అదే.