ఆదివారం రాయని లెక్క వారాన్ని ఎంత మారుస్తుంది?

ప్రశ్న: రోజుకు 2,000 కేలరీలు, 110 గ్రాముల ప్రోటీన్ అనుకుని ఫోనులో రాసుకుంటున్నాను. శనివారం బాగా తక్కువ తింటాను, ఆదివారం హద్దు దాటుతుంది. పోయిన ఆదివారమైతే అసలు రాయనే లేదు. ఆ వారం లెక్క పాడైనట్టేనా? సోమవారం తిండి తగ్గించి సరిచేయాలా?

జవాబు: పాడవలేదు, సోమవారం కడుపు మాడ్చుకోనక్కర్లేదు. కానీ ఆ ఖాళీని ఖాళీగా వదలకండి. నేను వదిలి రెండు నెలలు పోగొట్టుకున్నాను.

మాది విశాఖపట్నం. నా బరువు 72 కిలోలు, లెక్క అచ్చం మీదే. శనివారం ఇంట్లో అందరికీ ఒక్కపొద్దు. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ నుంచి కోనాం చేప వస్తుంది, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం బీచ్‌లో బజ్జీలు, మురీ మిక్స్చర్. ఇలాంటి ఇంట్లో ఏడు రోజులూ ఒకే అంకె రావాలనుకోవడం పేరాశ. అందుకే వారానికి 14,000 కేలరీలు, 770 గ్రాముల ప్రోటీన్ అని పెట్టుకున్నాను.

ఒక మామూలు వారం ఇలా ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు రోజులకు కలిపి 9,500 కేలరీలు. శనివారం 1,400. ఆదివారం 3,300. మొత్తం 14,200, అంటే రోజుకు సగటున దాదాపు 2,030. ఒక్క రోజు 1,300 ఎక్కువ తిన్నా వారం సగటు అనుకున్నదానికి 30 మాత్రమే దాటింది. కొంత శనివారం పూడ్చింది, కొంత మిగతా రోజుల్లో తలా వంద తక్కువ తినడం పూడ్చింది. కొవ్వు చేరడం, కరగడం ఒక రాత్రితో ముగిసే పద్దు కాదు కాబట్టి ఈ సగటుకు అర్థం ఉంది. పిండిపదార్థాలు, కొవ్వు కూడా ఇలాగే సర్దుకుంటాయి. శనివారం అన్నం వాటా ఎక్కువ, ఆదివారం నూనె వాటా ఎక్కువ. వారం చివర చూసుకుంటే చాలు.

నేను దెబ్బతిన్నది ఎక్కడంటే, ఆదివారాలు రాయకపోవడంలో. బిర్యానీని ఎలా తూచాలో తెలియక ఆ రోజు వదిలేసేవాణ్ణి. నేను వాడిన యాప్ ఖాళీ రోజును పక్కనపెట్టి మిగతా ఆరు రోజులకే సగటు తీసేది. 10,900ని ఆరుతో భాగిస్తే సుమారు 1,820. నా బరువు నిలవడానికి రోజుకు 2,100 దాకా కావాలని అంచనా. కాబట్టి రెండు నెలల్లో రెండు కిలోలకు పైగా తగ్గాలి. తగ్గింది అర కిలో కూడా కాదు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకున్నాను, అంతా బాగానే ఉందన్నారు. ఉన్న తేడా అంతా నేను రాయని ఆదివారాల్లోనే ఉంది. కొన్ని యాప్‌లు ఖాళీ రోజును సున్నాగా తీసుకుని ఏడుతో భాగిస్తాయి. అప్పుడు ఇదే వారం 1,560 కూడా రాదు, అది ఇంకా పెద్ద అబద్ధం. మీ యాప్ దేనితో భాగిస్తోందో ముందు చూసుకోండి.

ఖాళీగా మిగిలింది బుధవారమో గురువారమో అయితే ఇంత బాధ లేదు. ఆ రోజు తిన్నది మిగతా రోజుల్లాగే ఉంటుంది, ఆరు రోజుల సగటు దానికి సరిపోతుంది. చిక్కు ఏమిటంటే, మనం రాయడం మానేది సాధారణంగా ఎక్కువ తిన్న రోజునే.

కాబట్టి పోయిన ఆదివారాన్ని ఇప్పుడైనా గుర్తు తెచ్చుకుని ఉజ్జాయింపుగా రాయండి. నేను రాసేది ఇలా: పొద్దున రెండు దోసెలు, చట్నీ 400. బిర్యానీ 900. కోనాం వేపుడు రెండు ముక్కలు 350. పెరుగన్నం 300. మిఠాయి 250. బీచ్‌లో తిన్నవి 500. రాత్రి ఇడ్లీ, పాలు 300. మొత్తం 3,000. దీనికి పది శాతం కలుపుతాను, ఎందుకంటే బయటి వంటలో నూనె ఎప్పుడూ మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది, పెద్ద చెంచాడు నూనె అంటేనే 120 కేలరీలు. అలా 3,300. ఇది తప్పే కావచ్చు. 500 తప్పినా ఏడుతో భాగిస్తే రోజుకు 70 తేడా. ఒక వారానికి అది లెక్కలోకి రాదు. అయితే ప్రతి ఆదివారం అదే వైపు 500 తప్పితే మాత్రం ఆ 70 కేలరీల తేడా నెలలు గడిచినా అలాగే ఉండిపోతుంది. అంచనా కాస్త ఎక్కువ వైపే వేయమనేది అందుకే.

ఇక సోమవారం పొద్దున తూకం. ఒకసారి నాకు 1.4 కిలోలు పెరిగినట్టు చూపించింది. అనుకున్నదానికంటే నేను ఎక్కువ తిన్నది 1,300 కేలరీలు. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు కాబట్టి, అదంతా కొవ్వుగా మారినా 170 గ్రాములు దాటదు. మిగతాది ఉప్పు పట్టి ఉంచిన నీరు, కడుపులో ఇంకా ఉన్న తిండి, కండరాల్లో గ్లైకోజెన్‌గా చేరిన పిండిపదార్థం. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని ఉంచుకుంటుంది. గురువారానికి ఆ బరువు దిగిపోయింది. అప్పటి నుంచి బరువుకు కూడా వారం సగటే చూస్తున్నాను.

ఆ 1.4 చూసి భయపడి ఆ సోమవారం 1,100 తోనే సరిపెట్టుకోవాలనుకున్నాను. రాత్రి పదింటికి వంటింట్లో జంతికల డబ్బా ముందు నిలబడి ఉన్నాను. డబ్బా సగమైంది, రోజు లెక్క 2,300 అయింది. మీరు నిజంగా తగ్గించాలనుకుంటే నాలుగైదు రోజులు రోజుకు ఒక కప్పు అన్నం మానండి. వండిన అన్నం 150 గ్రాములకు సుమారు 200 కేలరీలు. తగ్గించినట్టు తెలియదు కూడా.

మా నాన్నగారు ఇన్సులిన్ వాడతారు. ఆయనకు ఈ వారం సగటు పనికిరాదు, ఏ పూట తిండిని ఆ పూటే చూసుకోవాలి. మీ ఇంట్లో అలాంటివారుంటే వైద్యుడు చెప్పినట్టే నడవాలి.

ప్రోటీన్‌కు ఈ సగటు కొంతవరకే పనిచేస్తుంది. కొవ్వులా దాన్ని దాచుకునే చోటు శరీరంలో లేదు. ఆదివారం 200 గ్రాములు తిని శనివారం వదిలేస్తే కుదరదు. ఒక్క రోజు తగ్గితే కండ కరిగిపోదు, ప్రతి వారం అదే రోజు అడుగంటితే మాత్రం మొత్తం తగ్గిపోతుంది. నా శనివారం మొదట్లో ఉప్మా, పళ్ళు, కాస్త పప్పన్నంతో పాతిక గ్రాముల దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనంలోకి యాభై గ్రాముల మీల్‌మేకర్‌తో కూర చేస్తున్నాం, ఎండుగా తూచితే దానిలోనే పాతిక గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. రాత్రి ఉప్మా బదులు పెసరట్లు. మా అత్తగారికి ఒక్కపొద్దులో మీల్‌మేకర్ ఏమిటనే అనుమానం మొదట వచ్చింది. అది సోయా గింజల పిండేనని సంచీ మీద చదివి వినిపించాక ఒప్పుకున్నారు.