లాడ్జి కాన్వాస్‌లో ఖాళీ చోటు

“రైల్వే స్టేషన్ దగ్గర మాది 18 గదుల లాడ్జి. స్ట్రాటజీ కాన్వాస్ గీస్తే మా గీత పక్క లాడ్జీల గీత మీదే పడుతోంది. ఏం చేయాలి?”

స్ట్రాటజీ కాన్వాస్ అంటే పోటీ పడే అంశాలను అడ్డగీత మీద, వాటి మార్కులను నిలువుగీత మీద పెట్టి, ఒక్కో లాడ్జికి ఒక్కో గీత గీసే పటం. అందులో అడ్డగీత మీద మీరు ఏం రాశారో చూడండి. ఏసీ, టీవీ, రెస్టారెంట్, రిసెప్షన్, అద్దె అని ఉంటే అవన్నీ లాడ్జీలు ఇప్పటికే పోటీ పడుతున్న అంశాలే. వాటితో గీసినంతకాలం మీకు మిగిలేది రేటు తగ్గించుకోవడమే.

మీ దగ్గర దిగనివాళ్లను అడగండి. తెల్లవారుజామున రైలు దిగి వెయిటింగ్ హాల్లోనే తయారై పనికి వెళ్లేవాళ్లు, కేజీహెచ్ ఆసుపత్రిలో రోగికి తోడుగా వచ్చినవాళ్లు ఉన్నారు కదా. వాళ్లకు కావలసింది మంచి పరుపు, ఉతికిన దుప్పటి, వేడినీళ్లు, నిద్రపట్టే నిశ్శబ్దం, ఆరు గంటల అద్దె. వీటిని కొత్త అంశాలుగా చేర్చి మీకూ, పక్క లాడ్జీలకూ 0 నుంచి 5 దాకా మార్కులు వేయండి. తర్వాత మీ కొత్త గీత: రెస్టారెంట్, టీవీ 0, రిసెప్షన్ 2, పరుపు, నిశ్శబ్దం, గంటల అద్దె 5. తీసేసినవాటి ఖర్చే పరుపులకు వెళ్లాలి. ఫ్రాన్స్‌లో 1985లో మొదలైన ఫార్ముల్ 1 చవక హోటళ్లు చేసింది ఇదే. రెస్టారెంట్, లాంజ్ తీసేసి ఆ ఖర్చును మంచి నిద్ర మీద పెట్టాయి.

ఒక్క జాగ్రత్త. గంటల అద్దెలో ఒకే గదికి రోజుకు రెండుమూడుసార్లు దుప్పట్లు మార్చాలి. ముందు నాలుగు గదుల్లోనే పెట్టి, లాండ్రీ, క్లీనింగ్ ఖర్చు పోను మిగులుతోందో లేదో లెక్క చూడండి. మిగలకపోతే కాన్వాస్‌లో ఎవరూ పోటీ పడని ఆ చోటు ఖాళీగా ఉండటానికి కారణం అదే.