సమానం, వస్తుంది, తుల్యం: లెక్క చెప్పేటప్పుడు ఏ మాట ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. సాయంత్రం ఏడో తరగతి చదివే తమ్ముడికి లెక్కలు చెబుతూ ప్రతి అడుగుకూ ‘సమానం’, ‘అవుతుంది’ అనే రెండు మాటలే వాడుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో గివ్స్, ఈల్డ్స్, ఈక్వివలెంట్ అని వేరువేరుగా ఉంటాయి కదా. తెలుగులో అలాంటి మాటలు ఉన్నాయా? ఏది ఎక్కడ వాడాలి?

జవాబు:

ఉన్నాయండీ. పిల్లలు వాటిని ఇంట్లో, అంగట్లో సరిగ్గానే వాడతారు. నోటుపుస్తకం తెరిచేసరికి మాత్రం అన్నిటి బదులూ ‘=’ గుర్తు పెట్టేస్తారు. నేను నెల్లూరు జిల్లాలో, కోవూరుకు దగ్గరలో ఒక ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చేసింది ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు.

మా వైపు ధాన్యాన్ని పుట్లలో లెక్కిస్తారు. పుట్టి అంటే 850 కిలోలు. కిలో 22 రూపాయలు అనుకుని మూడు పుట్ల ధాన్యానికి ఎంత వస్తుందో చెప్పమని అడిగాను. ఆ అబ్బాయి బోర్డు మీద ఇలా రాశాడు:

```
3 పుట్లు = 3 × 850 = 2550 × 22 = 56,100
```

జవాబు సరైనదే. కానీ రాసింది రాసినట్టు చదివితే 3 × 850 కూడా 56,100కు సమానమని అర్థం. మూడు పుట్ల ధాన్యం, 56,100 అనే సంఖ్య ఒకటేనని కూడా అర్థం. నేను తప్పని చెప్పకుండా, “మీ ఇంట్లో మూడు పుట్లు ఉంటే 56,100 రూపాయలు ఉన్నట్టేనా?” అని అడిగాను. వాడు వెంటనే “లేదు సార్, అమ్మితేనే వస్తాయి” అన్నాడు.

మీరు అడిగిన ‘ఈల్డ్స్’ అనే మాట అదే. ఏదో ఒక పని చేస్తే ఏదో ఒకటి వస్తుంది. అదే లెక్కను వాడి చేతే నోటితో చెప్పించాను: “పుట్టి అంటే 850 కిలోలు. కాబట్టి మూడు పుట్లకు 2550 కిలోలు. కిలో 22 చొప్పున అమ్మితే 56,100 రూపాయలు వస్తాయి.” ఈ మూడు వాక్యాల్లో ‘సమానం’ ఒక్కసారి కూడా రాలేదు. కొలతకు అర్థం చెప్పడానికి ‘అంటే’ వచ్చింది, ఒక మాట నుంచి ఇంకో మాట తేల్చడానికి ‘కాబట్టి’ వచ్చింది, చేసిన పనికి ఫలితం చెప్పడానికి ‘అమ్మితే వస్తాయి’ వచ్చింది. బోర్డు మీద ఈ మూడు పనులనూ ఒకే గుర్తు మోసింది. అందుకే రాసిన వరస తప్పయింది.

‘=’ గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ గణితజ్ఞుడు మొదటిసారి అచ్చులో వాడాడు. ఒకే పొడవున్న రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి వేరే ఏవీ ఉండవు కాబట్టి ఆ గుర్తును ఎంచుకున్నానని ఆయనే రాశాడు. అంటే ఎడమవైపు ఉన్నదీ కుడివైపు ఉన్నదీ ఒకే విలువ అని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. రెండు వైపులనూ అటుదిటు, ఇటుదటు మార్చినా మాట నిలబడాలి. కాలిక్యులేటర్ మీది ‘=’ మీట మాత్రం పిల్లలకు దీన్ని వేరేలా నేర్పుతోంది. అక్కడ ఆ మీటకు ‘ఇక జవాబు చూపించు’ అని అర్థం. మీ అబ్బాయికి ఈ ఒక్క లెక్క ఇచ్చి చూడండి: 8 + 4 = ☐ + 5. మా తరగతిలో ఏటా కొందరు ఆ గడిలో 12 వేస్తారు. వాళ్ల దృష్టిలో ‘=’ అంటే ‘చేస్తే వచ్చేది’. సమానం అని అర్థమైనవాళ్లు 7 వేస్తారు.

ఏడో తరగతి పిల్లవాడికి చెప్పేటప్పుడు మీ అమ్మాయి చేసిన పనికి తగిన క్రియ వాడితే చాలు. కూడితే అవుతుంది, తీసేస్తే మిగులుతుంది, భాగిస్తే వస్తుంది. ‘25కు 18 కలిపితే 43, అందులో 7 తీసేస్తే 36 మిగులుతుంది’ అని చెప్పాలి. రాసేటప్పుడు 25 + 18 = 43 ఒక వరసలో, 43 − 7 = 36 దాని కింది వరసలో రాయాలి. అసలు తెలుగులో ‘ఈజ్’కు సాటి మాట లేకుండానే వాక్యం పూర్తవుతుంది. ఎక్కాల్లో ‘రెండు మూళ్లు ఆరు’ అంటాం, అంతే. ‘9 బేసి సంఖ్య’ అన్నా చాలు. దీన్ని కొందరు పిల్లలు ‘9 = బేసి సంఖ్య’ అని రాస్తారు, ‘చతురస్రం = దీర్ఘచతురస్రం’ అని కూడా రాస్తారు. చతురస్రం దీర్ఘచతురస్రమే, కానీ ప్రతి దీర్ఘచతురస్రమూ చతురస్రం కాదు. తిప్పి చదివితే నిలబడని చోట ఆ గుర్తు ఉండకూడదు.

ఇక మీ అమ్మాయి తన చదువు కోసం తెలుసుకోవాల్సింది ‘వస్తుంది’కీ ‘తుల్యం’కీ ఉన్న తేడా. ఇక్కడ మాట మారితే జవాబే మారిపోతుంది.

వేసవిలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఈ లెక్కతో మా ఇంటికి వచ్చింది. x విలువ వాస్తవ సంఖ్య కావాలి.

```
√(x + 6) = x        (1)
x + 6 = x²          (2)
x² − x − 6 = 0      (3)
(x − 3)(x + 2) = 0  (4)
x = 3 లేదా x = −2   (5)
```

జవాబు 3, −2 అని రాసింది. పరీక్షలో సగం మార్కులే వచ్చాయట. “ప్రతి వరసలోనూ రెండు వైపులూ సమానమే కదా సార్, ఎక్కడ తప్పు?” అని బాధపడింది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఒక్కో వరస లోపల ఉన్న ‘=’ గుర్తులో తప్పేమీ లేదు. తప్పు ఉన్నది ఒక వరసకూ దాని కింది వరసకూ మధ్య. అక్కడ ఆమె ఏ మాటా రాయలేదు. మనసులో మాత్రం అన్నిచోట్లా ‘ఇదీ అదీ ఒకటే’ అనుకుంది.

ముందు రెండు విలువలనూ మొదటి సమీకరణంలో పెట్టించాను. x = 3 అయితే ఎడమవైపు √9, అంటే 3. కుడివైపూ 3. సరిపోయింది. x = −2 అయితే ఎడమవైపు √4, అంటే 2. కుడివైపు −2. సరిపోలేదు. √ గుర్తు ఎప్పుడూ రుణం కాని విలువనే ఇస్తుంది. మరి ఈ −2 ఎక్కడి నుంచి వచ్చింది?

దాన్ని పట్టుకోవడానికి కింది నుంచి పైకి చదవమన్నాను. (5) నుంచి (4)కు వెళ్లవచ్చా? x విలువ 3 లేదా −2 అయితే ఆ లబ్ధం సున్నా. వెళ్లవచ్చు. (4)ను గుణించి విస్తరిస్తే (3), పదాలను అటూ ఇటూ మారిస్తే (2). ఇంతవరకూ అడ్డం లేదు. (2) నుంచి (1)కు? x + 6 = x² అయితే √(x + 6) = x అని కచ్చితంగా చెప్పగలమా? ఆ అమ్మాయి చాలాసేపు చూసి, “x కావచ్చు, −x కూడా కావచ్చు” అంది. తప్పు ఉన్న చోటు అదే. √(x + 6) = −x అనే వేరే సమీకరణానికి వర్గం చేసినా (2)వ వరసే వస్తుంది. −2 దాని మూలం. వర్గం చేయగానే రెండు సమీకరణాలూ ఒకే ముఖంతో కనిపించాయి, పక్క సమీకరణం మూలం మన లెక్కలోకి వచ్చి చేరింది.

కాబట్టి (1)కీ (2)కీ మధ్య ‘ఇరువైపులా వర్గం చేయగా వస్తుంది’ అనాలి. అది ఒకవైపు దారి. రాతలో ఒంటి బాణం ⇒ పెట్టాలి. (2) నుంచి (5) వరకు మాత్రం ‘తుల్యం’ అనవచ్చు. అంటే ఆ సమీకరణాలన్నిటికీ ఒకే మూలాలు ఉంటాయి. వాటి మధ్య రెండు వైపులా మొనలున్న బాణం ⇔ పెట్టవచ్చు. మాటల్లో ‘అయితేనే’ అంటాం: లబ్ధం సున్నా అయ్యేది x విలువ 3 లేదా −2 అయితేనే.

మొదటి అడుగునూ తుల్యంగా మార్చే వీలుంది. √ ఎప్పుడూ రుణం కాదు కాబట్టి x కూడా రుణం కాకూడదు. ఆ షరతును వదలకుండా పక్కన పెట్టుకోవాలి:

```
√(x + 6) = x  ⇔  x + 6 = x², x ≥ 0
```

అప్పుడు −2 చివర్లో దానంతట అదే తొలగిపోతుంది. షరతు రాయడం మరచిపోతే మాత్రం చివర వచ్చిన ప్రతి విలువనూ మొదటి సమీకరణంలో వేసి చూడాల్సిందే. ‘వస్తుంది’ అనే మాట రాయగానే ఆ సరిచూసే పని మన మీద పడుతుంది. ‘తుల్యం’ అని రాయగలిగితే ఆ పని ఉండదు. పరీక్షలో ఏ మాట రాశామన్నదాన్ని బట్టి ఇంకో వరస రాయాలో అక్కర్లేదో తేలుతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, అది మార్కులను ఇంకా నిశ్శబ్దంగా తినేస్తుంది. x² = 5x అని ఇస్తే చాలామంది ‘ఇరువైపులా xతో భాగిస్తే x = 5 వస్తుంది’ అంటారు. వర్గం చేసినప్పుడు లేని మూలం వచ్చి చేరితే, ఇక్కడ ఉన్న మూలం పోతుంది. x సున్నా అయినా మొదటి సమీకరణం నిలబడుతుంది. కాబట్టి ఇక్కడ ‘వస్తుంది’ అనడమే తప్పు. కింది వరస నుంచి పైకి వెళ్లగలం, పై నుంచి కిందికే రాలేం. సరిచూస్తే 5 సరిపోతుంది కాబట్టి తప్పు దొరకదు, పోయిన సున్నా ఎక్కడా కనిపించదు. ‘x సున్నా కాకపోతే’ అని ముందు అని, సున్నా సంగతి విడిగా చూడాలి. లేదంటే భాగించకుండా x(x − 5) = 0 అని రాసుకోవాలి. అది తుల్యం, మూలాలు 0, 5.

ఆ అమ్మాయి తర్వాతి నుంచి నోటుపుస్తకంలో కుడివైపు ఒక గీత కొట్టి, ప్రతి రెండు వరసలకూ మధ్య ఒక మాట రాయడం మొదలుపెట్టింది: ‘వర్గం చేయగా’, ‘తుల్యం’, ‘x ≠ 0 అయితే’. మీ అమ్మాయిని ఒక వారం అలా రాయమనండి. తమ్ముడికి చెప్పేటప్పుడు ఆ కుడివైపు మాటలనే పైకి చదివితే సరిపోతుంది.