ఇక్కడ డబ్బు కట్ అయింది, అక్కడ జమ కాలేదు

ప్రశ్న: శనివారం అర్ధరాత్రి దాటాక 12:20కి మా తమ్ముడికి హాస్టల్ ఫీజు కోసం యూపీఐలో రూ.6,000 పంపాను. నా ఖాతాలో డబ్బు కట్ అయింది, వాడికి రాలేదు. యాప్‌లో ‘పెండింగ్’ అని చూపిస్తోంది. వాడి బ్యాంకు మెయింటెనెన్స్‌లో ఉందట. అసలు బ్యాంకులు ఇలా ఎందుకు ఆపుతాయి? మళ్లీ పంపమంటారా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఇప్పుడే మళ్లీ పంపకండి. పెండింగ్ అంటే విఫలమైనట్టు కాదు. రెండోసారి పంపితే రెండూ జమ అయ్యే అవకాశం ఉంది.

మన ఖాతాల అసలు లెక్క కోర్ బ్యాంకింగ్ అనే కేంద్ర వ్యవస్థలో ఉంటుంది. రోజు ముగిశాక ఆ వ్యవస్థ ఆనాటి పద్దులు మూసి, వడ్డీ లెక్కగట్టి, తేదీ మార్చుకుని, కొత్త రోజు పద్దులు తెరుస్తుంది. సాఫ్ట్‌వేర్ సవరణలు, సర్వర్ల మార్పిడి వంటి పెద్ద పనులకూ లావాదేవీలు తక్కువగా ఉండే ఆ వేళనే ఎంచుకుంటారు. లెక్క ఒక చోటి నుంచి మరో చోటికి మారుతున్నప్పుడు కొత్త డెబిట్లను అనుమతిస్తే ఒకే నిల్వను రెండుసార్లు ఖర్చు పెట్టే ప్రమాదం ఉంటుంది కనుక, కాసేపు తలుపు మూయడమే క్షేమమని బ్యాంకులు భావిస్తాయి. 2024 జూలై 13న, రెండో శనివారం నాడు, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు తన కోర్ బ్యాంకింగ్‌ను కొత్త వేదికకు మార్చుకున్నప్పుడు తెల్లవారుజాము 3 గంటల నుంచి సాయంత్రం 4:30 వరకు పలు సేవలకు అంతరాయం ఉంటుందని ముందే ప్రకటించింది. ముందుగా చెప్పడం మంచిదే. కానీ ఆ ప్రకటన మన ఖాతా ఉన్న బ్యాంకు నుంచే మనకు వస్తుంది, మనం డబ్బు పంపబోయే వారి బ్యాంకు నుంచి రాదు. మీ చిక్కు మొదలైంది అక్కడే.

యూపీఐలో మీరు పిన్ నొక్కగానే అభ్యర్థన యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థకు చేరుతుంది. అది ముందుగా మీ బ్యాంకును డబ్బు తీయమంటుంది, తీశానన్న జవాబు వచ్చాకే మీ తమ్ముడి బ్యాంకును జమ చేయమంటుంది. మీ బ్యాంకే మూతపడి ఉంటే కథ మొదటి మెట్టులోనే ఆగిపోతుంది: చెల్లింపు విఫలమైందని వెంటనే తెలుస్తుంది, డబ్బు సాధారణంగా ఖాతాలోనే ఉంటుంది. అవతలి బ్యాంకు మూతపడితే అలా కాదు. మీ డబ్బు అప్పటికే బయటికి వచ్చేసింది, జమ చేశామనో చేయలేదనో అటునుంచి జవాబు రాదు. జమ నిజంగానే జరిగి, ఆ కబురు మాత్రమే దారిలో ఆగిపోయి ఉండవచ్చు కూడా. అందుకే ఎన్‌పీసీఐ తొందరపడి డబ్బు వెనక్కి ఇవ్వదు. ఇస్తే ఇద్దరి ఖాతాల్లోనూ అదే సొమ్ము కనిపించవచ్చు. తర్వాత రెండు బ్యాంకులూ తమ పద్దులను సరిచూసుకున్నాకే అది జమా, వాపసా అన్నది తేలుతుంది.

దీనికి గడువు ఉంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో జారీ చేసిన నిబంధనల ప్రకారం, ఇలా వ్యక్తి నుంచి వ్యక్తికి పంపిన సొమ్మును జమ చేయలేకపోతే, లావాదేవీ జరిగిన మరుసటి రోజులోగా అవతలి బ్యాంకే వెనక్కి పంపాలి. ఆ గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ రూ.100 పరిహారం, మీరు అడగకపోయినా, ఇవ్వాలి. మీరు శనివారం రాత్రి అనుకుంటున్నారు గానీ 12:20 అంటే క్యాలెండరులో ఆదివారం, కాబట్టి మీ గడువు సోమవారం ముగుస్తుంది. దుకాణానికి చేసిన చెల్లింపులకైతే ఈ గడువు ఐదు రోజులు.

ఈలోగా యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి 12 అంకెల యూటీఆర్ సంఖ్యను రాసుకోండి. మీ తమ్ముణ్ని ఎస్సెమ్మెస్ కోసం ఎదురుచూడకుండా, అదే సంఖ్యతో ఖాతా స్టేట్‌మెంట్‌లో వెతకమనండి. మెయింటెనెన్స్ తర్వాత జమ పడినా సందేశం ఆలస్యంగా రావడం మామూలే. ఫీజుకు గడువు ముంచుకొస్తుంటే, వేరే బ్యాంకులో ఖాతా ఉన్నవారి ద్వారా హాస్టల్‌కే నేరుగా కట్టించి, వాపసు వచ్చాక వారికి సర్దుబాటు చేయండి.

చిన్న మొత్తాలకు యూపీఐ లైట్ కొంత ఆదుకుంటుంది. అందులో ముందే వేసుకున్న నిల్వ నుంచి డబ్బు పోతుంది కనుక చెల్లించే క్షణంలో మీ బ్యాంకు కోర్ వ్యవస్థను తాకాల్సిన పని లేదు. అయితే అది మీ వైపు మూతకే మందు. మీ తమ్ముడి బ్యాంకు మూతపడిన రాత్రి అది మీకు పనికొచ్చేది కాదు.

సోమవారం దాటినా తేలకపోతే యాప్‌లోనే ఆ లావాదేవీపై ఫిర్యాదు నమోదు చేసి, యూటీఆర్‌తో మీ బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా తెలపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకుకు ముందుగా రాసిన ఫిర్యాదు వివరాలు అక్కడ అడుగుతారు గనుక ఆ కాపీని భద్రపరచుకోండి.