రోటవేటర్ కిరాయి: గంటకు ఎంత, సీజన్ ఫీజు ఎంత?

"మాది గడ్చిరోలి జిల్లా, సిరోంచ దగ్గరి పల్లె. లోన్ మీద ట్రాక్టర్, రోటవేటర్ తీసుకున్నా. 20 మంది రైతులు నాతోనే కొట్టిస్తారు, అందరివీ మూడెకరాలే, పంటా ఒకటే. గంటకు 900 తీసుకుంటే తలా మూడు గంటలే కొట్టిస్తున్నారు. 100 తగ్గిస్తే ఇంకో గంట అడుగుతారు, 1200 అంటే ఒక్కరూ రారు. డీజిల్, డ్రైవర్, అరుగుదల కలిపి గంటకు 600 ఖర్చు. సీజన్‌కు ఒక ఫీజు, పైన గంటకు కొంత పెడదామనుకుంటున్నా. కిస్తీ గంట కిరాయిలో కలపాలా?"

కలపొద్దు. ట్రాక్టర్ షెడ్డులో ఉన్నా, పొలంలో ఉన్నా కిస్తీ మారదు. దాన్ని గంట మీద వేస్తే రైతు ఒక్కసారి దున్నించి సరిపెట్టుకుంటాడు. మీ దగ్గర జరుగుతున్నది అదే. గంటకు మీకయ్యే 600 మాత్రమే తీసుకోండి. లాభమంతా ఫీజులో రావాలి.

600కి ఒక్కో రైతు ఆరు గంటలు, అంటే రెండుసార్లు, కొట్టిస్తాడు. మొదటి గంటకు 1200 దాకా పెట్టేవాడే, ఆరో గంటకు వచ్చేసరికి 600 మించి పెట్టడు. అంటే రైతుకు గంటకు సగటున 300 మిగులు, మొత్తం 1800. ఫీజుకు అదే గరిష్ఠ హద్దు.

ఇప్పుడు మీకు ఒక్కొక్కరి మీద మిగిలేది మూడు గంటలకు 300 చొప్పున 900. కాగితం మీద 1800 ఫీజుతో అది రెట్టింపు. కానీ ఆ 1800 అడగొద్దు. 900 రేటులోనూ రైతుకు గంటకు సగటున 150, మొత్తం 450 మిగులుతోంది. పక్క ఊరి ట్రాక్టర్ అదే 900కి వస్తుందనుకోండి, 1800లో ఆ 450 పోగా మిగిలే 1350 దాటి అడిగితే అటే పోతాడు. నా మాటగా ఫీజు 1200 పెట్టండి. రైతుకు ఇప్పటికంటే 150 ఎక్కువ మిగులుతుంది, మీకు 20 మందికి 18,000 బదులు 24,000 వస్తుంది. ఫీజు తొలకరికి ముందే తీసుకోండి. దున్నాక అడిగితే గొడవే.

ఒక చిక్కుంది. తలా ఆరు గంటలంటే 120 గంటలు. వానలు పడ్డాక పదును ఉండేది పది రోజులనుకోండి, రోజుకు పది గంటలు నడిచినా వందే. ఇంటి ముందు వరుస కడుతున్నారంటే 600 మీ అసలు ఖర్చు కాదు, ఒకరికిచ్చిన గంట ఇంకొకరికి లేకుండా పోతోంది. అప్పుడు గంటకు 700 చేయండి, తలా ఐదు గంటలకు దిగుతారు. ఆ రేటుకు రైతు మిగులు 1250కి పడుతుంది, అందులో పాత 450 తీసేస్తే ఫీజు 800 దాటకూడదు. 700 చేసి 1200 ఫీజు అలాగే ఉంచితే మాత్రం రైతులు జారిపోతారు.

ఇదంతా మూడెకరాల వాళ్లకే. ఎకరం రైతు వస్తే ఆ ఫీజు అతనికి భారం, అతని దగ్గర గంటకు పాత 900 తీసుకోండి. ఫీజు కట్టినవాళ్లలో ఎవరైనా మూడు గంటలతో ఆపేస్తే అతని అవసరం మీరనుకున్నంత లేదన్నమాట. వచ్చే ఏడు అతన్నీ గంట లెక్కలోకే మార్చండి.