రిమైండర్లకు రెండు వారాల పరీక్ష: ఏది తీసేయాలి, ఏది జరపాలి?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ గ్రూప్-2కు సిద్ధమవుతున్నాను. ఫోన్‌లో రోజుకు ఆరు రిమైండర్లు పెట్టుకున్నాను: ఉదయం 5కు పాలిటీ, 7కు పేపర్, మధ్యాహ్నం 1:30కు బిట్లు, సాయంత్రం 4:45కు అర్థమెటిక్, రాత్రి 8కు ఎకానమీ, 10కు రివిజన్. నాలుగు రోజులకే మోగగానే ఆపేయడం అలవాటైంది. అన్నీ తీసేయమంటారా?
- ఒక విద్యార్థిని, సిద్దిపేట

జవాబు: ఇప్పుడే ఏదీ తీసేయకండి. మొదటి వారం సమయాలేవీ మార్చకుండా, ప్రతి రిమైండర్‌కూ మూడు విషయాలు నోటుబుక్కులో రాయండి: అది మోగినప్పుడు ఏం చేస్తున్నారు, వెంటనే చదవడానికి కూర్చున్నారా, లేకపోతే ఆ పని చివరకు ఎన్ని గంటలకు జరిగింది. అసలు మోగిందో లేదో కూడా గమనించండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కొన్ని యాప్‌ల నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి, అలాంటి వాటిని క్లాక్ యాప్‌లో అలారంగా పెట్టుకోవడం మేలు.

ఎనిమిదో రోజున ఆ పేజీ చూస్తే చాలా సంగతులు తేలుతాయి. అలారం మోగేసరికే పేపర్ మీ చేతిలో ఉంటోందనుకోండి, ఆ రిమైండర్ అక్కర్లేదు. 4:45కు మీరు బస్సులో నిలబడి ఉండి, అర్థమెటిక్ మాత్రం దాదాపు రోజూ ఇంటికొచ్చి టీ తాగాక 6:15 ప్రాంతంలో జరుగుతుంటే, దాన్ని ఆ వేళకే జరపండి.

ఖాళీగా ఉండి కూడా ఆపేసిన రిమైండర్‌ను మాత్రం జాగ్రత్తగా చూడాలి. రాత్రి 8 అలాంటిదే అయితే, లోపం సాధారణంగా వేళలో కాక అందులో రాసుకున్న మాటలో ఉంటుంది. తెరమీద "ఎకానమీ" అని మాత్రమే కనిపిస్తే, ఏ పుస్తకం, ఏ అధ్యాయం అని ఆలోచించేలోపే వేలు దాన్ని ఆపేస్తుంది. అందుకని "జాతీయాదాయం, మొదటి 8 పేజీలు" అనో, ఉదయం పాలిటీకి "సమానత్వపు హక్కు, ఆర్టికల్ 14 నుంచి 18" అనో ముందురోజే రాసిపెట్టుకోండి.

ఉదయం 5, రాత్రి 10 వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. రివిజన్ 11 దాటిన మర్నాడే పాలిటీ తప్పుతుంటే, ఈ రెండిట్లో ఒకటి పోవాలి. నేనైతే 10 గంటలది తీసేస్తాను. రాత్రి చదివిన దాన్ని మర్నాడు 1:30కు పుస్తకం మూసి గుర్తుచేసుకుంటే, ఆ కాస్త విరామం వల్ల రివిజన్ ఇంకా గట్టిగా జరుగుతుంది.

రెండో వారం ఈ మార్పులతో అదే పేజీ కొనసాగించండి. ఆదివారాన్ని విడిగా లెక్కించండి. ఇంటర్నల్ పరీక్షలో, ఇంట్లో పెళ్లో వస్తే ఆ రోజులను వదిలేసి గడువు పొడిగించుకోండి. కాలేజీ ఉన్న ఆరు రోజుల్లో మూడుసార్లు కూడా పని చేయించని రిమైండర్‌ను పదిహేనో రోజున తీసేసి, ఆ సబ్జెక్టును చక్కగా సాగుతున్న మరో వేళలో వారానికి రెండు రోజులు కలపండి.

దరఖాస్తు చివరి తేదీ, ఫీజు గడువు, హాల్‌టికెట్ డౌన్‌లోడ్ వంటివి ఈ పరీక్షలోకి రావు. వాటికి వేరే రింగ్‌టోన్ పెట్టి, గడువుకు వారం ముందొకసారి, మూడు రోజుల ముందొకసారి మోగేలా ఉంచండి.